విభజన ఆగిపోయిన కణాలు ఆరు వారాల తర్వాత నా ఫ్లాస్కులో ఎందుకు పెరిగాయంటే

ప్రశ్న: కణం విభజన చెందిన ప్రతిసారీ క్రోమోజోముల చివర్లలో ఉండే టెలోమియర్లు తరిగిపోతే, మూల కణాలకు, క్యాన్సర్ కణాలకు ఎందుకు తరగవు? టెలోమియర్లు పెంచే మాత్రలు వాడితే ముసలితనం ఆగుతుందా?

మాత్రల సంగతి చివర్లో చెప్తాను. ముందు నా పరువు పోయిన కథ వినండి.

హైదరాబాద్‌లో ఒక ల్యాబులో ప్రాజెక్టు చేస్తున్న రోజుల్లో మనిషి ఊపిరితిత్తుల నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్టులు అనే మామూలు కణాల్ని పెంచేదాన్ని. ఫ్లాస్కు నిండగానే కణాల్ని నాలుగు ఫ్లాస్కుల్లోకి పంచాలి, ఇలా పంచడాన్నే పాసేజ్ అంటాం. అవి మళ్లీ నిండేసరికి రెండు రెట్టింపులు అయినట్టు లెక్క. ఇరవయ్యో పాసేజ్ దాటాక వేగం తగ్గింది. సన్నగా, చేపపిల్లల్లా ఉండే కణాలు పెనం మీద దోశల్లా పరుచుకున్నాయి. కణాలకు ఆహారంగా పోసే సీరం పాడైందన్నారు సీనియర్లు. మా దగ్గర ఏం జరిగినా తప్పు సీరందే. కొత్త సీసా తెప్పించాం, డబ్బు తప్ప ఏమీ మారలేదు.

తీరా చూస్తే అప్పటికి దాదాపు 48 రెట్టింపులు అయ్యాయి. మామూలు మనిషి కణాలు ఇన్నిసార్లే విభజన చెందుతాయని శాస్త్రవేత్త లియొనార్డ్ హేఫ్లిక్ 1961లోనే చెప్పిన హద్దు అదే.

ఆ హద్దు ఎందుకు వస్తుందో పీట మీద కూర్చుని ఇల్లు అలకడంతో పోల్చుకోండి. డీఎన్ఏను రాసే పాలిమరేజ్ ఎంజైము తనంతట తాను మొదలుపెట్టలేదు, కూర్చోవడానికి చిన్న ఆర్ఎన్ఏ పీట కావాలి. వెనక్కి జరుగుతూ ముక్కలు ముక్కలుగా రాసే పోగులో ప్రతి ముక్కకూ ఒక పీట. తర్వాత పీటలు తీసేసినప్పుడు ఆ ఖాళీని వెనకాల ముక్కవాడు అలికేస్తాడు. కానీ గోడ పక్కన, అంటే క్రోమోజోము చివర్లో, వేసిన పీట వెనక ఎవరున్నారు? అక్కడ మిగిలిన జాగా అలాగే ఉండిపోతుంది. పైగా ఆ పీట సరిగ్గా అంచునే పడదు, చివర్లను కొంచెం చెక్కే ఎంజైములూ ఉన్నాయి. దాంతో మా ఫైబ్రోబ్లాస్టుల్లాంటి వాటికి ఒక్కో విభజనకు సుమారు 50 నుంచి 100 బేస్‌లు, అంటే డీఎన్ఏ అక్షరాలు, పోతాయి. పోయేది జన్యువు కాదు, టెలోమియర్, అంటే చివర్లో వేల బేస్‌ల మేర పదే పదే రాసి ఉన్న TTAGGG. అది మరీ పొట్టిదైతే కణం దాన్ని తెగిన డీఎన్ఏ అనుకుని భయపడుతుంది. p53 అనే ప్రొటీన్ బ్రేకు వేస్తుంది. మా దోశలు ఆ బ్రేకు పడ్డ కణాలే.

ఇక అసలు ఘట్టం. ఆరు వారాలు కదలకుండా ఉన్న ఫ్లాస్కుల్లో ఒకటి ఉన్నట్టుండి కిక్కిరిసిపోయింది. రోజుకోసారి రెట్టింపు! టెలోమియర్లను పొడిగించే ఎంజైము టెలోమరేజ్ దానంతటదే ఆన్ అయిందని నేను ఎగిరి గంతేశాను. పేపర్ శీర్షిక కూడా రాసేసుకున్నాను. సర్ మైక్రోస్కోపులో ఒక్కసారి చూసి, "ఇవి ఫైబ్రోబ్లాస్టులేనా అమ్మా?" అన్నారు. కణాలు చేపల్లా లేవు, బండరాళ్లు పేర్చినట్టు పలకలు పలకలుగా ఉన్నాయి. కణాలు ఎవరివో చెప్పే డీఎన్ఏ పరీక్ష, ఎస్టీఆర్ ప్రొఫైల్, చేయిస్తే హెలా అనే క్యాన్సర్ కణాలని తేలింది. అదే హుడ్‌లో, అదే మీడియా సీసాతో పక్కవాళ్లు పెంచేది అదే. ఒకటీ అరా కణం పడితే చాలు, నీరసించిన కణాల మధ్య ఫ్లాస్కంతా ఆక్రమిస్తుంది.

మీ ప్రశ్నకు జవాబు ఆ హెలాలోనే ఉంది. 1951లో హెన్రియెట్టా ల్యాక్స్ గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్ నుంచి తీసిన కణాలవి. వాటిలో హెచ్‌పీవీ-18 వైరస్ ప్రొటీన్లు p53, ఆర్‌బీ బ్రేకుల్ని పీకేశాయి. బ్రేకు లేకపోతే కణం ఆగదు, టెలోమియర్లు ఇంకా అరిగి క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుని చాలా కణాలు చస్తాయి. ఆ దశ దాటి బతికేవి దాదాపు ఎప్పుడూ టెలోమరేజ్‌ను ఆన్ చేసుకున్నవే. అది తన వెంట తెచ్చుకున్న ఆర్ఎన్ఏను అచ్చుగా పెట్టుకుని చివర్లో TTAGGG కలుపుతూ పోతుంది. సుమారు 85-90 శాతం క్యాన్సర్ల దారి ఇదే, మిగతావాటిలో చాలావరకు ఒక టెలోమియర్‌ను చూసి ఇంకోదాన్ని పొడిగించుకుంటాయి. అలాగని క్యాన్సర్ టెలోమియర్లు పొడవుగా ఉంటాయనుకోకండి, చాలాసార్లు పొట్టిగానే ఉంటాయి, ఇంకా పొట్టి కాకుండా చూసుకుంటాయంతే.

మూల కణాలన్నీ ఒకటి కావు. పిండ మూల కణాల్లో టెలోమరేజ్ బాగా పనిచేస్తుంది. ఎముక మజ్జలోని రక్త మూల కణాల్లో కొంచెమే ఉంటుంది, అరుగుదలను నెమ్మదింపజేస్తుంది గానీ ఆపలేదు. వయసుతో పాటు అవీ తరుగుతాయి. "మూల కణాలు అమరం" అని రాసే మన గైడు పుస్తకాల మీద నాకు కోపం అందుకే.

మాత్రల విషయానికొస్తే, నేను డబ్బు పెట్టను. 1998లో టెలోమరేజ్ ముఖ్య ప్రొటీన్‌ను మామూలు ఫైబ్రోబ్లాస్టుల్లో పెడితే హద్దు దాటి విభజన చెందాయి, క్యాన్సర్ కాలేదు, నిజమే. కానీ అది ప్లాస్టిక్ ఫ్లాస్కులో. మన ఒంట్లో ఎక్కడో బ్రేకు తెగిన కణం ఉంటే, దాన్ని ఆపే గోడల్లో ఈ అరుగుదల ఒకటి. ఆ గోడను మాత్ర వేసుకుని కూలగొట్టుకోవడం ఎందుకు? రక్తపరీక్షలో "మీ టెలోమియర్ వయసు" అని చెప్పేవాళ్లు ఇంకో తలనొప్పి. తెల్లరక్తకణాల సగటు పొడవు కొలుస్తారు, ఒకే వయసువాళ్లలోనే అది చాలా తేడాగా ఉంటుంది.

ఆ ఫ్లాస్కులన్నీ బ్లీచ్‌లో ముంచి పారేశాను. ఫ్రీజర్‌లో మాత్రం నా చేతిరాతతో "అమర ఫైబ్రోబ్లాస్టులు" అని రాసిన వయల్ ఒకటి మిగిలిపోయింది, తర్వాత వచ్చిన పిల్లలు ఫొటో తీసి నాకు పంపారు.