ఒకే అడ్రస్‌కి తొమ్మిది కార్డులు: ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

ప్రశ్న: మేడమ్, నేను బీకాం చదివాను. ఫ్రాడ్ అనలిస్ట్ ఇంటర్వ్యూలో, ఒకే అడ్రస్‌కి వేర్వేరు కార్డులతో చిన్న చిన్న ఆర్డర్లు వస్తే ఏం చేస్తావని అడిగారు. క్యాన్సిల్ చేస్తానన్నాను, సెలెక్ట్ కాలేదు. అందులో తప్పేంటి?

తొందరపడ్డావు. కార్డులు ఎన్ని అని లెక్కపెట్టి ఆగిపోయావు. ఈ ఉద్యోగాల్లో చాలాచోట్ల అమెరికా ఆన్‌లైన్ షాపుల ఆర్డర్లు చూడాలి. మన దగ్గర ఆన్‌లైన్‌లో కార్డు వాడితే ఓటీపీ అడుగుతుంది, అక్కడ చాలా షాపులకి కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు ఉంటే చాలు, అందుకే దొంగిలించిన నంబర్లు అక్కడ సులువుగా చెల్లుతాయి.

ఒక కేసు అనుకుందాం. న్యూజెర్సీలో ఒక అపార్ట్‌మెంట్‌కి 40 నిమిషాల్లో 11 ఆర్డర్లు, 9 కార్డులు, ఒక్కొక్కటి 40 డాలర్ల లోపే. చిన్న మొత్తాలు ఎందుకంటే, పెద్ద ఆర్డరయితే మనిషి చేత చెక్ చేయిస్తారని దొంగకి తెలుసు. మరి అదే ఫ్లాట్‌లో మన తెలుగు స్టూడెంట్లు నలుగురు ఉంటే? వాళ్లవీ వేర్వేరు కార్డులే కదా! క్యాన్సిల్ చేస్తే పాపం నిజమైన కస్టమర్లు పోతారు.

తేడా ఎక్కడ కనిపిస్తుందంటే, ముందు ఫెయిలైన పేమెంట్లు చూడు. ప్రతి ఆర్డరుకీ ముందు మూడు నాలుగు కార్డులు డిక్లైన్ అయ్యాయంటే ఎవరో నంబర్ల లిస్టు పెట్టుకుని ఒక్కొక్కటీ ప్రయత్నిస్తున్నట్టే. ఆ తర్వాత అకౌంట్లు చూడు. స్టూడెంట్లవి నెలల నాటివి, ఎవరి పేరు మీద వాళ్ల కార్డు ఉంటుంది, ఆర్డర్లు వారాల తరబడి విడివిడిగా వస్తాయి. దొంగవి అన్నీ ఈ రోజే తెరిచినవి, కార్డుల బిల్లింగ్ అడ్రస్‌లు టెక్సాస్ ఒకటి, ఒహాయో ఒకటి, కానీ ఆర్డరు పెట్టిన ఫోన్ మాత్రం ఒక్కటే.

ఇంకోటి, చాలామంది దీన్ని చూడకుండా వదిలేస్తారు, అడ్రస్ స్పెల్లింగ్. Apt 4B, Unit 4-B, #4b అని మార్చి మార్చి రాస్తే సిస్టమ్‌కి మూడు ఇళ్లలా కనిపిస్తుంది. అందుకే వెతికే ముందు Apt, Unit, # లాంటివి, స్పేస్‌లు, గీతలు తీసేసి, అక్షరాలన్నీ చిన్నవి చేసి, మిగిలిన 4bని వీధి నంబరు, జిప్ కోడ్‌తో కలిపి చూడాలి, నువ్వు ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట చెప్పినా వాళ్లు తలెత్తి చూస్తారు.

అనుమానం వస్తే ముందు షిప్పింగ్ ఆపు. డబ్బు ఇంకా తీసుకోకపోతే హోల్డ్‌లోనే ఉంచు. ఆర్డరులో ఇచ్చిన ఫోన్ నంబరుకి కాల్ చేసి నమ్మేయకు, అది దొంగదే కావచ్చు. ఆర్డరులో ఇచ్చిన వివరాలు, కార్డు ఇచ్చిన బ్యాంకు దగ్గరున్న వివరాలతో సరిపోతాయో లేదో చూడాలి. ఎందుకింత జాగ్రత్తంటే, అసలు కార్డు యజమాని ఫిర్యాదు చేయడానికి సాధారణంగా 120 రోజుల వరకు టైముంటుంది. అది వచ్చేసరికి సరుకు పోయి ఉంటుంది, డబ్బు తిరిగివ్వాల్సి వస్తుంది, పైన ఫీజు కూడా షాపుకే పడుతుంది.