కార్టన్ బరువు తగ్గిస్తే నడుము నొప్పులు తగ్గుతాయా?

ప్రశ్న: మాది కారం ప్యాకింగ్ యూనిట్. కిలో ప్యాకెట్లు పదిహేను చొప్పున కార్టన్‌లో పెట్టి, కన్వేయర్ చివరి నుంచి పాలెట్ మీదికి చేత్తోనే పేరుస్తారు. నిమిషానికి మూడు కార్టన్లు వస్తాయి. నడుము నొప్పితో మనుషులు మానేస్తున్నారు. కార్టన్‌ను 10 కిలోలకు తగ్గించి, అందరికీ నడుము బెల్టులు ఇస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. కార్టన్ తేలికైతే మీరు ఆశించినంత మేలు జరగదు. ఇక బెల్టులు నడుము గాయాలను ఆపుతాయనడానికి తగిన ఆధారం లేదని అమెరికాలోని నియోష్ అనే వృత్తి భద్రతా పరిశోధన సంస్థ 1994లోనే తేల్చింది. నేను గుంటూరు జిల్లాలో ఒక మసాలా యూనిట్‌లో లైన్ పనులు చూసినప్పుడు ఇదే సమస్యను సరిచేయవలసి వచ్చింది. ఆ పద్ధతినే మీ అంకెలకు అన్వయించి చూపుతాను.

మన ఫ్యాక్టరీల చట్టం (1948) 34వ సెక్షన్ గాయం కలిగించేంత బరువును ఎవరిచేతా మోయించరాదని చెప్పింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ఒక వయోజన పురుషుడు మోసే బరువుకు 55 కిలోలను గీతగా పెట్టింది. ఇవి చదివిన యజమానులకు 15 కిలోలు ఒక లెక్కలోకి రాని బరువుగా కనిపిస్తుంది. అయితే ఆ 55 అనే అంకె ఒక్కసారి ఎత్తే బరువును గురించినదే తప్ప, ఆ బరువు ఒంటికి ఎంత దూరంలో ఉంది, ఎంత కిందికి వంగి పెడుతున్నారు, రోజుకు ఎన్నిసార్లు ఎత్తుతున్నారు అన్న విషయాలను పట్టించుకోదు. నడుమును దెబ్బతీసేవి ముఖ్యంగా ఈ మూడే.

వీటిని లెక్కలోకి తెచ్చేది నియోష్ వారి ఎత్తుడు సూత్రం. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఎత్తదగిన బరువును 23 కిలోలుగా తీసుకొని, అనుకూలం కాని ప్రతి అంశానికీ కొంత కోత విధిస్తారు. మీ కన్వేయర్ 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉందని, పాలెట్ నేల మీద ఉందని, మనిషి కాళ్లు కదపకుండా పక్కకు తిరిగి అడుగు వరుసలో కార్టన్ పెడుతున్నాడని అనుకుందాం. అవతలి వరుసకు చేయి చాచినప్పుడు చీలమండల నుంచి చేతుల వరకు అడ్డంగా 50 సెంటీమీటర్ల దూరం ఉంటుంది. సూత్రంలోని 25 సెంటీమీటర్లను ఆ దూరంతో భాగిస్తే 0.5 వస్తుంది, అంటే ఈ ఒక్క కారణంతోనే 23 సగానికి పడిపోయింది. చేతులు నేలకు 20 సెంటీమీటర్ల ఎత్తుకు దిగినందుకు 0.835, కన్వేయర్ నుంచి అక్కడికి 55 సెంటీమీటర్లు దించినందుకు 0.90, నడుము 90 డిగ్రీలు మెలిపెట్టినందుకు 0.71, నిమిషానికి మూడు చొప్పున ఎనిమిది గంటలు ఎత్తినందుకు 0.55, పట్టుకోవడానికి కార్టన్‌కు సరైన పిడి లేనందుకు 0.95. అన్నీ గుణిస్తే మిగిలేది సుమారు 3.2 కిలోలు. మీవాళ్లు ఎత్తుతున్నది 15 కిలోలు, అంటే తగిన బరువుకు నాలుగున్నర రెట్ల కంటే ఎక్కువ. ఈ నిష్పత్తి 1 దాటితే జాగ్రత్త పడాలి, 3 దాటితే చాలామందికి ప్రమాదం పెరిగినట్లే.

ఇప్పుడు కార్టన్‌ను 10 కిలోలు చేయండి. అదే ఉత్పత్తికి నిమిషానికి మూడు కార్టన్లకు బదులు నాలుగున్నర వస్తాయి కనుక 0.55 కాస్తా 0.40కి పడిపోతుంది. తగిన బరువు 2.3 కిలోలకు దిగుతుంది, నిష్పత్తి 4.3 దగ్గర నిలుస్తుంది. కొత్త అట్టపెట్టెలకూ కొత్త లేబుళ్లకూ పెట్టిన ఖర్చుకు దక్కే ఫలితం అంతే. బరువును 15గానే ఉంచి, చోటును మార్చి చూడండి. కార్టన్ పెట్టే తలం ఎప్పుడూ నడుము దగ్గరే ఉండి, చేతులు చీలమండల నుంచి అడ్డంగా 30 సెంటీమీటర్లలోనే ఉండి, మెలి లేకుండా చేసి, కార్టన్ పక్కలకు చేతి రంధ్రాలు కోయిస్తే తగిన బరువు 10.5 కిలోలకు పెరుగుతుంది, నిష్పత్తి 1.4కు దిగుతుంది. దానికి తోడు రెండు గంటలకొకసారి పేర్చే మనిషినీ, కార్టన్ మూతలకు టేపు వేసే మనిషినీ ఒకరి పనిలోకి ఒకరిని మార్చితే 0.55 స్థానంలో 0.79 వస్తుంది, తగిన బరువు 15 కిలోలకు చేరి నిష్పత్తి 1 అవుతుంది. ఈ మార్పిడి లెక్క నిలవాలంటే మధ్యలో ఇచ్చే పని నిజంగా తేలికైనదై ఉండాలి. పేర్చడం నుంచి లారీ లోడింగ్‌కు పంపితే అది విశ్రాంతి కాదు.

తలాన్ని నడుము దగ్గర నిలపడానికి స్ప్రింగ్ మీద ఆడే టేబుల్ కానీ, సిజర్ లిఫ్ట్ టేబుల్ కానీ కావాలి. స్ప్రింగ్ రకం బరువు పెరిగే కొద్దీ తానే దిగుతుంది, పైన తిరిగే పళ్లెం ఉంటే అవతలి వరుసను మన వైపు తిప్పుకోవచ్చు. అయితే ఆ స్ప్రింగులను నిండు పాలెట్ బరువుకు సరిపెట్టి ఉంచుతారు. మీరు అదే టేబుల్ మీద తేలికైన సరుకు పేరిస్తే అది దిగవలసినంత దిగదు, పై వరుసలు భుజాల ఎత్తుకు పోతాయి. పైగా దాని మీది పాలెట్ తీయడానికి ఫోర్క్‌లిఫ్ట్ కానీ స్టాకర్ కానీ ఉండాలి. హ్యాండ్ పాలెట్ ట్రక్కు మాత్రమే ఉన్న చోట నేలదాకా దిగే యు ఆకారపు లిఫ్ట్ టేబుల్ మేలు. దానికి తిరిగే పళ్లెం ఉండదు కాబట్టి మూడు వైపులా మనిషి నడిచేంత ఖాళీ వదలాలి. డబ్బు సమకూరేలోపు రెండు మూడు ఖాళీ పాలెట్ల మీద పేర్చి, ఎత్తును మూడు వరుసలకే ఆపడం పనికొస్తుంది.

మెలి విషయంలో చాలామంది పాలెట్‌ను కన్వేయర్‌కు ఇంకా దగ్గరకు జరుపుతారు, దానితో కాళ్లు అక్కడే నిలిచి నడుము మాత్రమే తిరుగుతుంది. దాన్ని ఒక అడుగు వేయక తప్పనంత దూరంలో, దాదాపు మీటరు ఎడంలో పెడితే మనిషి తనంతట తానే ఒళ్లంతా తిప్పుతాడు. «మోకాళ్లు వంచి ఎత్తు» అన్న పోస్టర్ ఇక్కడ పనిచేయదు. 40 సెంటీమీటర్ల వెడల్పు పెట్టె మోకాళ్ల మధ్య పట్టదు, వాటి ముందుకు పోయి ఒంటికి ఇంకా దూరమవుతుంది.

ప్యాకెట్లు నింపే బల్ల దగ్గర తప్పు ఎక్కువగా బల్ల ఎత్తును మాత్రమే చూడడంలో ఉంటుంది. మోచేతి ఎత్తుకు రావలసింది కార్టన్ అంచు. 90 సెంటీమీటర్ల బల్ల మీద 30 సెంటీమీటర్ల పెట్టె పెడితే మన ఆడవాళ్లు రోజంతా భుజాలు ఎగరేసి పనిచేయాలి. పెట్టె ఆనే అరను బల్ల కంటే కిందికి దించి, దాన్ని మనిషి వైపు వాల్చి ఉంచితే సరిపోతుంది.

ఫిర్యాదులు రాలేదని నొప్పి లేదనుకోకండి. కాంట్రాక్టు మనిషి ఫిర్యాదు చేయడు, మరుసటి నెల రాడు, అంతే. అడుగు వరుసలోని కార్టన్ల మూలలు నలుగుతుంటే వాటిని వంగి పెట్టకుండా వదిలేస్తున్నారని అర్థం. లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించుకుంటున్నారా అన్నది షిఫ్టు చివరి గంటలో నిలబడి చూడండి. పీస్ రేటు ఉన్నచోట మార్పిడికి మేస్త్రీ ఒప్పుకోడు, కనుక పని మార్చుకునే ఇద్దరి కూలినీ కలిపి లెక్కించే ఏర్పాటు ముందే చేయండి.

ఈ సూత్రం సుమారు 19 నుంచి 26 డిగ్రీల గదికీ, రెండు చేతులతో నిలబడి ఎత్తే పనికీ వర్తిస్తుంది. మన ఎండాకాలపు షెడ్డులో వచ్చే అంకెను ఇంకా తగ్గించుకోవాలి. గ్రైండర్ దగ్గరికి హమాలీలు వీపున మోసుకొచ్చే మిర్చి టిక్కీలకు ఈ సూత్రం వర్తించదు. ఆ బస్తాను హాపర్ దాకా చేర్చడానికి హాయిస్ట్ కానీ వాలు కన్వేయర్ కానీ పెట్టడమే దారి.