ర్యామ్ వేగం రెట్టింపైతే ల్యాప్‌టాప్ వేగం రెట్టింపవుతుందా?

ప్రశ్న: రెండు ల్యాప్‌టాప్‌లు చూసి పెట్టుకున్నాను. రెండింట్లోనూ ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-1335యు. మొదటిది సన్నగా ఉంది, 16 జీబీ ఎల్పీడీడీఆర్5 ర్యామ్‌ను బోర్డు మీదే సోల్డర్ చేసేశారట. రెండోది కాస్త లావు. అందులో 16 జీబీ డీడీఆర్4 స్టిక్ ఒకటి ఉంది, ఇంకో స్లాట్ ఖాళీ. "డీడీఆర్4 పాతబడిపోయింది, దీని స్పీడ్ డబుల్" అంటూ షాపులో మొదటిదే తీసుకోమంటున్నారు. నా పని ఎక్సెల్, ముప్పై నలభై బ్రౌజర్ ట్యాబ్‌లు, అప్పుడప్పుడు ఫొటో ఎడిటింగ్. ఇప్పుడున్న 8 జీబీ ల్యాప్‌టాప్‌లో పని జోరుగా ఉన్నప్పుడు టాస్క్ మేనేజర్ చూస్తే Committed దగ్గర 14.1/19.3 GB అని కనిపిస్తోంది. కొన్నది ఆరేళ్లు వాడాలి. ఏది కొనమంటారు?

జవాబు: రెండోది కొని, ఖాళీ స్లాట్‌లో ఇంకో 16 జీబీ వేయించుకోండి. మొదటి మోడల్‌లోనే 32 జీబీది దొరికితే మాత్రం దాన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు. 16 జీబీది వద్దు.

షాపువాళ్లు అబద్ధం చెప్పలేదు. పైగా తక్కువే చెప్పారు. మీరు చూసిన డీడీఆర్4 స్టిక్ 3200 వేగానిది అనుకుందాం. ఒక్క స్టిక్ ఉన్నంతకాలం అది సెకనుకు అత్యధికంగా 25.6 జీబీ డేటాను అందించగలదు. రెండో స్టిక్ పెట్టగానే రెండు దారులూ, అంటే రెండు ఛానెళ్లూ, తెరుచుకుని అది 51.2 అవుతుంది. ఈ ప్రాసెసర్‌తో ఎల్పీడీడీఆర్5 అయితే 6400 వేగంతో 102.4 జీబీ దాకా పోతుంది. కాగితం మీద చూస్తే ఒక్క స్టిక్‌కి నాలుగింతలు.

మరి ఎక్సెల్ నాలుగింతల వేగంతో తెరుచుకుంటుందా అంటే, లేదు. ఈ అంకెలన్నీ ఒకేసారి ఎంత డేటా తేగలదో చెబుతాయి, అడిగిన మొదటి ముక్క చేతికి రావడానికి ఎంతసేపు పడుతుందో చెప్పవు. బావిలో నీళ్లు తోడే చేద పెద్దదైంది కానీ బావి లోతు తగ్గలేదు. మామూలు డీడీఆర్4-3200 స్టిక్ మీద సీఎల్22 అని ఉంటుంది, ఆ మొదటి ముక్క కోసం ఆగాల్సిన గడియార టిక్కుల లెక్క అది. లెక్క కడితే అది 13.75 నానోసెకన్లు. డీడీఆర్5-4800 స్టిక్ మీద సీఎల్40 ఉంటుంది, అది 16.7 నానోసెకన్లు. అంటే కొత్త తరం ఈ విషయంలో కాస్త వెనకే ఉంది. ఎల్పీడీడీఆర్ రకాల్లో ఈ నిరీక్షణ ఇంకొంచెం ఎక్కువే. ట్యాబ్ మార్చడం, ఫైలు తెరవడం, షీట్‌లో కిందికి జరగడం లాంటి పనుల్లో ప్రాసెసర్‌కి కావలసినవి చాలావరకు దాని లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీలో, అంటే క్యాష్‌లోనే దొరుకుతాయి. అక్కడ దొరకని చిన్న చిన్న ముక్కల కోసం చేద ఎంత పెద్దదైనా ఒరిగేదేమీ లేదు.

పెద్ద చేద అక్కరకొచ్చేది గ్రాఫిక్స్‌కి. ఈ ల్యాప్‌టాప్‌లలో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగం కూడా ఇదే ర్యామ్‌ని పంచుకుంటుంది. దాని ఆకలి మహా పెద్దది. ఆటలు ఆడేవాళ్లకు ఒక్క స్టిక్ డీడీఆర్4కీ, సోల్డర్ చేసిన ఎల్పీడీడీఆర్5కీ తేడా కంటికి కనిపిస్తుంది. మీ రెండో మోడల్‌ని షాపులో ఆన్ చేసి డివైస్ మేనేజర్‌లో చూడండి, గ్రాఫిక్స్ పేరు Intel UHD Graphics అని ఉంటుంది. రెండో స్టిక్ పడ్డాక అదే చిప్ Iris Xe అని పేరు మార్చుకుంటుంది. రెండు ఛానెళ్లూ పనిచేస్తేనే ఇంటెల్ ఆ పేరు చూపిస్తుంది. స్టిక్ సరిగ్గా కూర్చుందో లేదో తేల్చుకోవడానికి నేను ముందు చూసేది ఇదే.

సోల్డర్ చేయడం వెనక కంపెనీల పిసినారితనం ఒక్కటే లేదు, న్యాయంగా అదీ చెప్పాలి. చిప్ ప్రాసెసర్ పక్కనే ఉండి, మధ్యలో సాకెట్ లేకపోతే సిగ్నల్ చెడకుండా తక్కువ వోల్టేజీతో ఎక్కువ వేగం సాధించవచ్చు. మూత వేసి పక్కన పెట్టినప్పుడు బ్యాటరీ నెమ్మదిగా దిగుతుంది. పని చేస్తున్నప్పుడు మాత్రం కరెంటులో ఎక్కువ భాగం స్క్రీనూ ప్రాసెసరే తాగేస్తాయి కాబట్టి, ర్యామ్ వల్ల గంటలకు గంటలు కలిసొస్తాయని ఆశపడకండి.

ఇక మీ 14.1 సంగతి. Committed అంటే ప్రోగ్రాములకు విండోస్ ఇస్తానని ఒప్పుకున్న మొత్తం. అదంతా ఒకేసారి ర్యామ్‌లో ఉండాలనేమీ లేదు. కానీ 8 జీబీ ర్యామ్ మీద 14 దాకా పోయిందంటే, పట్టనిదాన్ని ఎస్ఎస్‌డీలోని పేజ్ ఫైల్‌కి తోస్తూ ఉందన్నమాట. మీకు ఇప్పుడు విసుగు పుట్టిస్తున్న నత్తనడక బహుశా ఇదే. ఎంత మంచి ఎస్ఎస్‌డీ అయినా ర్యామ్‌తో పోలిస్తే జవాబివ్వడానికి వందల రెట్లు సమయం తీసుకుంటుంది. దాని ముందు డీడీఆర్4కీ 5కీ తేడా ఏపాటిది? 16 జీబీలో గ్రాఫిక్స్ వాటా పోను మీ పని ఈ రోజుకి ఇరుకుగా సరిపోతుంది. ఆరేళ్లలో బ్రౌజర్లు సన్నబడతాయని నేననుకోను. సోల్డర్ చేసినదానికి తర్వాత కలపడానికి దారి లేదు.

రెండో స్టిక్ కొనేటప్పుడు డీడీఆర్4 ల్యాప్‌టాప్ స్టిక్, 3200 అని చూసుకోండి. డీడీఆర్5 స్టిక్ గాడి వేరేచోట ఉంటుంది, అందులో దిగదు, బలవంతంగా నొక్కకండి. 16 పక్కన 8 వేసినా పనిచేస్తుంది. అప్పుడు 16 జీబీ మేరకు రెండు ఛానెళ్ల వేగం, మిగిలిన 8కి ఒక్క ఛానెల్ వేగం వస్తాయి.

డబ్బు కట్టేముందు ఒక తనిఖీ. టాస్క్ మేనేజర్‌లో Slots used అనే వరుస మోసం చేయగలదు. సోల్డర్ చేసిన చిప్‌లను కూడా స్లాట్లుగా లెక్కపెట్టి కొన్ని మోడళ్లలో 8 of 8 అని చూపిస్తుంది. దాని కింద Form factor చూడండి. Row of chips అని ఉంటే అది సోల్డర్ చేసినదే, SODIMM అని ఉంటే విప్పదగిన స్టిక్. ఇంకా అనుమానముంటే పవర్‌షెల్‌లో ఇది టైప్ చేయండి:

```
Get-CimInstance Win32_PhysicalMemory |
  Select DeviceLocator, Capacity, ConfiguredClockSpeed, SMBIOSMemoryType
```

చివరి గడిలో 26 అంటే డీడీఆర్4, 34 అంటే డీడీఆర్5, 35 అంటే ఎల్పీడీడీఆర్5. ప్రకటనలో 16 జీబీ అని మాత్రమే రాసినప్పుడు అది ఒక స్టిక్కా రెండా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది.

ఏది కొన్నా, వెనక్కిచ్చే గడువు దాటకముందే ఒక రాత్రి mdsched.exe నడిపి ర్యామ్ పరీక్ష చేయించండి. నా పాత సన్న ల్యాప్‌టాప్‌లో ఒక ర్యామ్ చిప్ చెడి, వారానికోసారి నీలి తెర వచ్చేది. సర్వీస్ సెంటర్‌లో చిప్ మార్చలేమని చెప్పి మొత్తం మదర్‌బోర్డే మార్చారు. అప్పటికి వారంటీ అయిపోయి రెండు నెలలైంది. స్టిక్ అయితే స్క్రూడ్రైవర్‌తో పది నిమిషాల పని.