స్పాన్సర్‌షిప్ ఖర్చులో నీ వాటా ఏది, కంపెనీ వాటా ఏది

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీకు ఇంగ్లండ్ ఆఫర్ వచ్చిందని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం వేసింది. కానీ అదే ఫోన్‌లో, అంకులి దగ్గర స్థలం తాకట్టు పెడదామా అన్నయ్యా అని కూడా అడిగింది. "సీఓఎస్ లెటర్" కోసం ఎవరో ఆరు లక్షలు అడిగారట. ఆ మాట విన్నాక నిద్ర పట్టక పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను. అక్కడ ఉన్న రోజుల్లో చివరి ఐదేళ్ళు మా కంపెనీ తరఫున స్పాన్సర్‌షిప్ కంప్యూటర్ ముందు కూర్చున్నది నేనే కాబట్టి ఈ విషయంలో నా మాట విను.

ముందు ఆ సీఓఎస్ సంగతి. సర్టిఫికేట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ అని పేరే గానీ అది కాగితం కాదు. బ్రిటన్ హోం ఆఫీస్ సిస్టమ్‌లో కంపెనీ తయారుచేసే ఒక రికార్డు, దానికొక నంబరు. లైసెన్స్ ఉన్న కంపెనీ తప్ప ఇంకెవరూ దాన్ని ఇవ్వలేరు. లైసెన్స్ ఉన్న కంపెనీల జాబితా gov.uk లో ఎవరైనా చూడొచ్చు. నీ కంపెనీ పేరు అందులో ఉందా, పక్కన స్కిల్డ్ వర్కర్ అనీ "A" రేటింగ్ అనీ ఉందా చూసుకో. మధ్యలో ఉన్న మనిషి దాన్ని అమ్ముతానంటే అది బేరమే కాదు, మోసం. అతనికి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

ఇక అసలు ఖర్చు. నీ ఆఫర్ మూడేళ్ళకి, కంపెనీ పెద్దది. సీఓఎస్ ఇవ్వడానికి కంపెనీ హోం ఆఫీస్‌కి 2025 ఏప్రిల్ రేటు ప్రకారం 525 పౌండ్లు కడుతుంది. దానితోపాటు బయటి దేశం మనిషిని ఉద్యోగంలోకి తీసుకున్నందుకు ఇమిగ్రేషన్ స్కిల్స్ ఛార్జ్ అని ఉంటుంది. 2025 డిసెంబర్ 16 నుంచి పెద్ద కంపెనీకి అది ఏడాదికి 1,320, అంటే మూడేళ్ళకి 3,960 పౌండ్లు. రెండూ కలిపి 4,485. ఇది పూర్తిగా వాళ్ళ వాటా. స్కిల్స్ ఛార్జ్‌ని ఉద్యోగి దగ్గర ఏ రూపంలోనూ వసూలు చేయకూడదు. 2024 డిసెంబర్ 31 నుంచి ఇచ్చిన సీఓఎస్‌లకైతే ఆ సీఓఎస్ ఫీజు, లైసెన్స్ ఖర్చు కూడా ఉద్యోగి మీద వేయకూడదు.

నీ వైపు ఉన్నవి వీసా ఫీజు, అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌ఛార్జ్. బయటి దేశం నుంచి మూడేళ్ళలోపు వీసాకి 2025 ఏప్రిల్ రేటు 769 పౌండ్లు. సర్‌ఛార్జ్ ఏడాదికి 1,035 చొప్పున 3,105. మొత్తం 3,874 పౌండ్లు. పౌండు 115 రూపాయలు అనుకుంటే దాదాపు నాలుగు లక్షల నలభై ఐదు వేలు. ఫీజులు తరచూ పెరుగుతాయి కాబట్టి కట్టే రోజు మళ్ళీ చూసుకో. ఈ భాగం ఎవరు కట్టాలన్నది మీరిద్దరూ మాట్లాడుకునే విషయం. చాలా కంపెనీలు కడతాయి. మొహమాటపడకుండా ఆఫర్ లెటర్‌లోనే రాయించుకో.

నాకు ఎక్కువ భయం వేసేది కాంట్రాక్టు విషయంలో. మీ అమ్మ పంపిన ఫొటోల్లో ఒక వాక్యం చూశాను. రెండేళ్ళలోపు మానేస్తే "ఇమిగ్రేషన్ ఖర్చులన్నీ" వెనక్కి ఇవ్వాలట. కంపెనీయే అన్నీ కట్టిందనుకో, ఆ "అన్నీ" అన్న మాట ప్రకారం నీ మీద 8,359 పౌండ్ల బాకీ పడుతుంది. కానీ అందులో 4,485 వాళ్ళు అడగకూడని డబ్బు. అడగడానికి వీలున్నది మిగిలిన 3,874 మాత్రమే. అది కూడా నువ్వు పనిచేసిన నెలలను బట్టి తగ్గుతూ రావాలని అడుగు. "వీసా ఫీజు, హెల్త్ సర్‌ఛార్జ్ మాత్రమే" అని పేర్లతో సహా మార్చి రాయమని మర్యాదగా మెయిల్ పెట్టు. మంచి కంపెనీ అయితే ఒక్క రోజులో మారుస్తుంది.

ఇది ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, 2018లో నేను ముందు పనిచేసిన చోట ఒక తమిళ కుర్రాడు తన పే స్లిప్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. "అడ్వాన్స్ రికవరీ, 150" అని ఒక లైన్. అతను అడ్వాన్సే తీసుకోలేదు. తవ్వితే అది స్కిల్స్ ఛార్జ్. పదకొండు నెలలుగా కోస్తున్నారు, పాపం అతను ఇంటికి డబ్బు పంపడం తగ్గించుకున్నాడు. రాతపూర్వకంగా అడిగాక ఆ డబ్బంతా తిరిగి ఇచ్చారు. ఇలాంటిది బయటపడితే కంపెనీ లైసెన్స్ పోవచ్చు. లైసెన్స్ పోతే ఏ తప్పూ చేయని ఉద్యోగి కూడా మామూలుగా అరవై రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదా తిరిగి రావాలి. అందుకే మొదటి పే స్లిప్ నుంచీ ప్రతి లైనూ చదువు.

జీతం కూడా ఒకసారి సరిచూసుకో. 2025 జూలై 22 నుంచి మామూలు కనీస పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లు. నీ ఉద్యోగం కోడ్ 2122, మెకానికల్ ఇంజనీర్లది. ఆ కోడ్‌కి పెట్టిన రేటు అంతకన్నా ఎక్కువైతే అదే లెక్క.

ఇప్పుడు తేదీలు. అందరూ టెన్షన్ పడేది వీసా నిర్ణయం గురించి, కానీ బయటి నుంచి వేస్తే అది మామూలుగా మూడు వారాల్లో వచ్చేస్తుంది. చిక్కు పడేది నీ నోటీస్ పీరియడ్ దగ్గర. సీఓఎస్ ఇచ్చిన మూడు నెలల్లోపు దరఖాస్తు చేయాలి. పైగా అందులో రాసిన చేరే తేదీకి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. నీకు వైజాగ్ కంపెనీలో 90 రోజుల నోటీస్ ఉంది. వీసా చేతికొచ్చాకే రాజీనామా అంటే, దరఖాస్తు నుంచి మూడున్నర నెలలు దాటిపోతుంది. భయపడి ముందే రాజీనామా చేస్తే, వీసా రాకపోతే రెండూ పోతాయి. కాబట్టి ఇప్పుడే మీ మేనేజర్‌తో మాట్లాడి నోటీస్‌ని 60 రోజులకు తగ్గించుకో, కొన్ని రోజుల జీతం వదులుకోవాల్సి వచ్చినా సరే. అప్పుడు చేరే తేదీ దరఖాస్తుకి దాదాపు మూడు నెలల తర్వాత పెట్టించుకుంటే వీసా చూసుకునే రాజీనామా ఇవ్వొచ్చు.

సీఓఎస్ రాకముందే చేసుకోగలిగిన పనులున్నాయి. ఇంగ్లీష్ పరీక్షకి ఐఈఎల్టీఎస్ రాసేటట్టయితే ఐఈఎల్టీఎస్ ఫర్ యూకేవీఐ అన్నదే రాయాలి, మామూలు ఐఈఎల్టీఎస్ చెల్లదు. 2026 జనవరి 8 నుంచి బీ2 స్థాయి కావాలి, అంటే నాలుగు విభాగాల్లోనూ కనీసం 5.5. టీబీ పరీక్ష వాళ్ళు ఒప్పుకున్న క్లినిక్‌లోనే చేయించాలి. ఫలక్‌నుమా ఎక్కి హైదరాబాద్ వెళ్ళు, పిన్ని ఇంట్లో ఉండొచ్చు. ఆ సర్టిఫికేట్ ఆరు నెలలే చెల్లుతుంది, అందుకని ఆఫర్ ఖాయం అయ్యాకే వెళ్ళు. బ్యాంకులో 1,270 పౌండ్లు వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. కంపెనీ సీఓఎస్‌లో ఆ బాధ్యత తాము తీసుకుంటున్నట్టు టిక్ పెడితే అది కూడా అక్కర్లేదు. అడుగు, ఆ టిక్ పెట్టడానికి వాళ్ళకి ఫీజేమీ లేదు.

ఇంకొకటి, మన ఇళ్ళల్లో తప్పకుండా వచ్చేది: పేరు. నీ పదో తరగతి సర్టిఫికేట్‌లో ఒడియా బోర్డు వాళ్ళు ఇంటిపేరు ఒకలా రాశారు, పాస్‌పోర్ట్‌లో ఇంకోలా ఉంది. సీఓఎస్ పాస్‌పోర్ట్ ప్రకారమే ఉండాలి. నంబరు రాగానే పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు, జీతం అక్షరం అక్షరం చూడు. చిన్న తప్పయితే నువ్వు దరఖాస్తు వేయకముందే కంపెనీ సిస్టమ్‌లో నోట్ పెట్టి సరిచేయగలదు.

మీ అమ్మతో చెప్పు, స్థలం కాగితాలు మళ్ళీ బీరువాలో పెట్టేయమని. ఆదివారం కాంట్రాక్టు ప్రింటు తీసుకుని ఇంటికి రా. ఆ వాక్యం మార్చమని పెట్టాల్సిన మెయిల్ ఇద్దరం కూర్చుని రాద్దాం.

మీ మామయ్య