చుట్టుకునే కళ్ళజోడులో పవర్ వేయిస్తే తల తిరుగుతోంది

«రెండు కళ్ళకూ మైనస్ 4. తిరుపతి–చిత్తూరు బైక్ మీద తిరగడానికి వంపు ఫ్రేమ్‌లో పవర్ వేయించా. రోడ్డు పక్కకి ఒరిగినట్టుంది. పాత జోడుతో బాగానే ఉంది.»

పవర్ తప్పు కాకపోవచ్చు, అద్దం మీ కంటికి ఏటవాలుగా ఉంది. ఒక కన్ను మూసి, తెరిచిన కంటి ముందు అద్దం నేరుగా నిలిచేలా జోడును చేత్తో తిప్పి చూడండి. మసక తగ్గితే కారణం అదే.

ఫ్రేమ్ 20 డిగ్రీలు వంగితే మీ −4.00 కంటికి సుమారు −4.16గా అందుతుంది, పైగా 90 యాక్సిస్‌లో −0.55 సిలిండర్, అంటే ఒక్క దిశలోనే పనిచేసే అదనపు పవర్, పుడుతుంది. ఒరిగినట్టు అనిపించడానికి, కనిపించేదాన్ని పక్కకి జరిపే ప్రిజమ్ ప్రభావం కూడా కొంత తోడవుతుంది.

1. జోడు ముఖాన ఉండగానే వంపు కోణం, కింది వాలు, కంటికీ అద్దానికీ దూరం, ముక్కు మధ్య నుంచి ఒక్కో కంటి పాప దాకా దూరం, అంటే పీడీ, విడిగా కొలిపించండి. అందరూ వదిలేసేది ఇదే. షాపులో పీడీ ఒక్కటే రాసుకుంటారు.

2. ఆ కొలతలతో సరిచేసి, మీకోసం విడిగా చెక్కే ఫ్రీఫారం లెన్స్ అడగండి. మామూలు లెన్స్‌ను వంపు ఫ్రేమ్‌లో ఇరికించడం దండగ.

3. కొత్త లెన్స్‌ను షాపులో పవర్ కొలిచే మెషిన్‌లో పెడితే −4.00 రాదు, చిన్న సిలిండర్ కనిపిస్తుంది. «తప్పొచ్చింది» అని వెనక్కి పంపనివ్వకండి. ల్యాబ్ స్లిప్‌లో రాసిన మార్చిన పవర్‌తోనే పోల్చాలి.

మైనస్ 4కి అంచులు ఎలాగూ మందమవుతాయి. వంపు కాస్త తక్కువున్న ఫ్రేమ్ దొరికితే నేనైతే అదే తీసుకుంటా.