గాల్లో తేలే బెంచీకి మందు సెలక్షన్‌లోనే ఉంది

ప్రశ్న: ఖాళీ పార్కు ఫోటోలో ఫోటోషాప్ జెనరేటివ్ ఫిల్‌తో చెక్క బెంచీ పెట్టాలి. సెలక్షన్ ఏ ఆకారంలో గీయాలి, ప్రాంప్ట్‌లో ఏం రాయాలి? నాకైతే ఒకసారి బెంచీ గాల్లో తేలుతోంది, ఇంకోసారి పిల్లల బొమ్మలా వస్తోంది.

నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసుకుని బతికేవాణ్ణి. అందరూ ప్రాంప్ట్ గురించే అడుగుతారు, సెలక్షన్ గురించి ఎవరూ అడగరు. నా లెక్కలో ఈ పనిలో పన్నెండణాలు సెలక్షన్, నాలుగణాలు ప్రాంప్ట్. ఇది ఎక్కడా చదివి చెప్పడం లేదండీ, ఒక్క బెంచీ కోసం ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకుని చెబుతున్నాను.

మా కాలనీ పార్కులో కూర్చోడానికి ఏమీ లేదు. నడిచి నడిచి పెద్దవాళ్లు కుళాయి దిమ్మ మీద కూర్చుంటారు. చందాలు వేసుకుని బెంచీలు వేయిద్దామని అసోసియేషన్‌లో అనుకున్నారు. సెక్రటరీ గారు ఫోన్‌తో ఫోటో తీసి పంపి, "బాబూ, ఇందులో ఒక చెక్క బెంచీ పెట్టి చూపించు, చూస్తే గానీ ఎవరూ జేబులో చెయ్యి పెట్టరు" అన్నారు. పొద్దున తీసిన ఫోటో, వెడల్పు 4000 పిక్సెళ్లు, ఎత్తు 3000. ఎండ ఎడమ నుంచి వస్తోంది, నీడలు కుడికి పడుతున్నాయి. వెనక ప్రహరీ గోడ, దాని మీద పెద్ద అక్షరాలతో "ఇచ్చట చెత్త వేయరాదు". ఆ గోడ కిందే చెత్త. దాని గురించి మొదలుపెడితే ఈ జవాబు పూర్తికాదు.

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను. గడ్డి మధ్యలో పెద్ద చతురస్రం గీసి, పార్కులో జనం కూర్చోవడానికి అందమైన చెక్క బెంచీ ఒకటి చేర్చమని ఇంగ్లీషులో ఉత్తరంలా రాశాను. మూడు బొమ్మలు వచ్చాయి. ఒకదాంట్లో బెంచీ గోడంత ఎత్తుంది. రెండోదాంట్లో ఎవరో దొరగారు కూర్చుని ఉన్నారు. మూడోదాంట్లో బెంచీ బాగానే ఉంది గానీ పక్కన దీపస్తంభం మొలిచింది. తప్పు దానిది కాదు. ఎంత చోటిస్తే అంత నింపడమే దాని పని. పైన ఖాళీ వదిలితే బెంచీని సాగదీస్తుంది, లేదా ఇంకేదో తెచ్చి పెడుతుంది. జనం అని నేనే రాశాను కాబట్టి జనాన్ని తెచ్చింది.

దాంతో నాకు పౌరుషం వచ్చింది. రెండోసారి పాలిగనల్ లాసో పట్టుకుని కాళ్లు, వీపు, చేతులతో సహా అచ్చం బెంచీ ఆకారంలోనే గీశాను. ఇరవై నిమిషాలు పట్టింది. వచ్చిన బెంచీ నేల మీద లేదు, గడ్డికి బెత్తెడు పైన వేలాడుతోంది. మీకొచ్చిన జబ్బు కూడా ఇదే అయ్యుంటుంది. సెలక్షన్ బయట ఒక్క పిక్సెల్ కూడా మారదు. నీడ పడాల్సింది గడ్డి మీద, కానీ ఆ గడ్డి నా సెలక్షన్‌లో లేదు. కాళ్లు నేలను తాకేచోట ఉండే నల్లటి గీత, కాళ్లకు అడ్డంగా నిలిచే నాలుగు గడ్డిపోచలు, ఇవేవీ వేయడానికి దానికి చోటు లేదు. నీడ లేని వస్తువు మన కంటికి తేలుతున్నట్టే ఉంటుంది.

మూడోసారికి బుద్ధొచ్చింది. మామూలు లాసోతో వదులుగా, గుడ్డ కప్పిన బెంచీలా ఒక ముద్ద గీశాను. పైన బెంచీ వీపుకి కాస్త మాత్రమే పైకి, అక్కడ ఖాళీ ఎక్కువ వదలకూడదు. కింద మాత్రం కాళ్లు ఆనే చోటుకి ఇంకా కిందకి దించి, గడ్డిని ధారాళంగా కలుపుకోవాలి. నీడ పడే వైపు ఒక తోకలా సాగదీయాలి. తోక ఎంత పొడవుండాలో ఫోటోలోనే చూసుకోవచ్చు. మా ఫోటోలో కుళాయి దిమ్మ నీడ దిమ్మ ఎత్తుకి ఇంచుమించు సమానంగా ఉంది, కాబట్టి బెంచీ కుడివైపు కూడా బెంచీ ఎత్తంత చోటిచ్చాను. అంతే, మూడింట్లో రెండు బెంచీలు నేల మీద నిలబడ్డాయి.

ఇక బొమ్మ బెంచీ సమస్య. దీనికి కావలసింది కొలత. నేల చదునుగా ఉన్న ఫోటోలో కెమెరా ఎంత ఎత్తున ఉందో, క్షితిజ రేఖ ప్రతి వస్తువునూ అంత ఎత్తు దగ్గరే కోస్తుంది. సెక్రటరీ గారు ఫోన్ కళ్లకెదురుగా పట్టుకుని తీశారు, అంటే దాదాపు 150 సెంటీమీటర్లు. కాలిబాట రెండు అంచులనూ గీతలతో పొడిగిస్తే అవి కలిసిన చోటే క్షితిజం. నాకు అది పైనుంచి 1200వ పిక్సెల్ దగ్గర వచ్చింది. బెంచీ ముందు కాళ్లు ఆనాలనుకున్న చోటు 1950వ పిక్సెల్. మధ్యలో 750 పిక్సెళ్లు, అది 150 సెంటీమీటర్లకు సమానం. అంటే ఆ చోట ఒక సెంటీమీటరుకు 5 పిక్సెళ్లు.

ఆ తర్వాతంతా ఎక్కాల లెక్క. మామూలు పార్కు బెంచీలో కూర్చునే పలక నేల నుంచి సుమారు 45 సెంటీమీటర్లు, వీపు పైఅంచు 85, పొడవు 150 అనుకుందాం. పిక్సెళ్లలో చూస్తే పలక 225 ఎత్తున, వీపు 425 ఎత్తున, పొడవు 750. నేను గైడ్ గీతలు పెట్టుకుని ఆ కొలతల చుట్టూ ముద్ద గీశాను. అదే బెంచీ ఇంకాస్త దూరంగా, 1500వ పిక్సెల్ దగ్గర పెట్టాలంటే అక్కడ సెంటీమీటరుకు 2 పిక్సెళ్లే, వీపు ఎత్తు 170కి తగ్గిపోతుంది. చాలామంది దూరపు చోటులో దగ్గరి సైజు సెలక్షన్ గీసి, బెంచీ ఏనుగులా వచ్చిందని ప్రాంప్ట్‌లో స్మాల్ అని రాస్తారు. ఆ మాట వల్ల పిల్లల బెంచీ వస్తుంది గానీ దూరంలో ఉన్న బెంచీ రాదు. నేల వాలుగా ఉన్నా, కెమెరాని బాగా కిందకి వంచి తీసినా ఈ లెక్క పనిచేయదు. అప్పుడు దగ్గర్లో మనిషో స్తంభమో ఉంటే దాన్నే కొలబద్ద చేసుకోవాలి. బెంచీ పలక మనిషి మోకాలి దగ్గరికి రావాలి.

సెలక్షన్ మరీ పెద్దది కాకూడదనడానికి ఇంకో కారణం ఉంది. 2023లో ఈ ఫీచర్ వచ్చినప్పుడు వచ్చే బొమ్మ 1024 పిక్సెళ్లు దాటేది కాదు. అంతకంటే పెద్ద సెలక్షన్ గీస్తే దాన్నే సాగదీసి అతికించేది, బెంచీ మసకగా కనిపించేది. తర్వాత మెరుగుపడింది గానీ నా అలవాటు మారలేదు. వచ్చాక 100% జూమ్‌లో చూడండి. చుట్టూ గడ్డి పోచపోచగా ఉండి, బెంచీ కింది గడ్డి మాత్రం పచ్చ పేస్టులా ఉంటే సెలక్షన్ పెద్దదైందనే అర్థం. ఫోన్‌లో చిన్నగా చూసి సూపర్ అనేవాళ్లని నమ్మకండి. ఆల్బమ్ ప్రింటుకి వెళ్లాక అమ్మాయి మేనమామ కళ్లజోడు పెట్టుకుని చూస్తాడు, అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు మిగిలిన నాలుగణాలు. ప్రాంప్ట్‌లో ఆజ్ఞలు అక్కర్లేదు. పెట్టు, చేర్చు అనే మాటలు వదిలేసి, అక్కడ కనిపించాల్సిన వస్తువు పేరు చెప్పండి చాలు. అందమైన, అద్భుతమైన అనేవి దండగ మాటలు. అలా రాస్తే నాకు షోరూములో వార్నిష్ వేసిన బెంచీ వచ్చింది. మా పార్కు దుమ్ముకి అది పెళ్లికొడుకులా కనిపించింది. నేను చివరికి వాడింది ఇది:

```
weathered wooden park bench with backrest, front view, on dry grass
```

ఎండకీ వానకీ పాతబడిన బెంచీ, వీపు ఉన్నది, ఎదురుగా చూస్తున్నది, ఎండు గడ్డి మీద. ఇందులో వీపు గురించిన మాట తీసేస్తే ఒక్కోసారి ఒట్టి పలక వస్తుంది, అప్పుడు నా 425 పిక్సెళ్ల లెక్క వృథా. ఎదురుగా అని చెప్పకపోతే బెంచీ మూలగా తిరిగి, ఒక చివర సెలక్షన్ అంచుకి గుద్దుకుని తెగిపోతుంది. వెలుగు గురించి నేనేమీ రాయను, చుట్టూ ఉన్న ఫోటో చూసి అదే పట్టుకుంటుంది. మూడింట్లోనూ నీడ తప్పు వైపు పడితేనే దాని గురించి ఒక మాట కలుపుతాను.

తెలుగులోనూ రాయొచ్చు, తీసుకుంటుంది. ఉత్సాహంగా "చెక్క బల్ల" అని కొట్టాను, భోజనాల బల్ల వచ్చింది! కోపం తెచ్చుకుని ఏం లాభం, మనకీ బల్ల అంటే బెంచీయే, టేబులే, గోడకి కొట్టిన పలకే. తెలుగులో రాసేవాళ్లు బల్ల అనకుండా బెంచీ అనే రాయండి.

చివర్లో ఒక దెబ్బ తగిలింది. బెంచీ వీపు వెనక గోడ కొంచెం నా సెలక్షన్‌లోకి వచ్చింది. అంతవరకు గోడని కూడా అది మళ్లీ గీసింది. "చెత్త వేయరాదు"లో "రాదు" పోయి, దాని బదులు ఏ భాషకీ చెందని మూడు జిలేబీలు వచ్చాయి. సెక్రటరీ గారికి పంపేశాక చూశాను. బాగు చేయడం తేలికే. జెనరేటివ్ లేయర్‌కి పక్కన మాస్క్ ఉంటుంది, దాన్ని ఎంచుకుని నల్ల రంగు బ్రష్‌తో ఆ అక్షరాల మీద రుద్దితే అసలు గోడ తిరిగొస్తుంది. బెంచీ అంచుల దగ్గర మాత్రం చిన్న బ్రష్ వాడాలి. ఇదే పద్ధతిలో అది అనవసరంగా మార్చిన గడ్డిని కూడా వెనక్కి తెచ్చుకోవచ్చు, నీడని మాత్రం చెరపకండి. అసలు వీలైతే రాతలు, కిటికీ ఊచలు, ఇటుకల వరసలు లేని చోటు చూసి బెంచీ పెట్టండి.

ఫోటో గ్రూపులో పడ్డాక ఒకాయన, బెంచీ ఖర్చంతా తానే పెట్టుకుంటానని, వీపు మీద వాళ్ల నాన్నగారి జ్ఞాపకార్థం అని రాసి చూపించమని అడిగాడు. ఆ అక్షరాలు మాత్రం ప్రాంప్ట్‌తో తెప్పించలేదు, జిలేబీల అనుభవం చాలు. టైప్ టూల్‌తో నేనే రాసి, కలర్ బర్న్ మోడ్‌లో చెక్క మీదకి దించాను. ఇప్పుడు పార్కులో ఉన్నది సిమెంటు బెంచీ. చెక్కకి చెదలు పడుతుందన్నారు.