నైజీరియా యూఎస్‌డీటీ ప్రీమియంలో భయం వాటా ఎంత?

ప్రశ్న: "నైజీరియా నైరా లాంటి కరెన్సీల్లో, ఒక డాలర్‌తో సమానంగా నడిచే క్రిప్టో నాణెం యూఎస్‌డీటీ రేటు బ్యాంకు డాలర్ రేటు కంటే చాలా ఎక్కువ ఉంటుందట. ఆ తేడా పెరిగితే జనం భయపడుతున్నారనీ, తగ్గితే కుదుటపడ్డారనీ అనుకోవచ్చా? దగ్గర నుంచి చూసినవాళ్లు చెప్పండి."

అలా నేరుగా అనుకోకూడదు. హైదరాబాద్‌లో మందులు ఎగుమతి చేసే ఒక కంపెనీలో నేను నైజీరియా వ్యాపారం చూసేవాణ్ణి. మాకు డబ్బు ఎప్పుడూ బ్యాంకు ద్వారానే వచ్చేది, క్రిప్టో ముట్టుకోలేదు. కానీ లాగోస్‌లోని ఇడుమోటా మందుల మార్కెట్లో మా సరుకు కొనేవాళ్లకు బ్యాంకులో డాలర్ దొరికేది కాదు. అప్లికేషన్ పెట్టి నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు. వాళ్లు ఏ రేటును దృష్టిలో పెట్టుకుని సరుకు ధర వేస్తున్నారో తెలియకపోతే మా పేమెంట్ ఎప్పుడొస్తుందో అంచనా వేయలేం. అందుకే రోజూ యూఎస్‌డీటీ రేటు చూడటం అలవాటైంది.

ప్రీమియం లెక్క సులువే. యూఎస్‌డీటీ రేటులోంచి అఫీషియల్ రేటు తీసేసి, వచ్చినదాన్ని అఫీషియల్ రేటుతో భాగిస్తే చాలు. చిక్కంతా ఆ భాగహారంలోనే ఉంది. ప్రీమియం మారిందంటే పైన ఉన్న యూఎస్‌డీటీ కదిలిందా, కింద ఉన్న అఫీషియల్ రేటు కదిలిందా అన్నది ముందు చూడాలి. భయం సంగతి కొంతవరకు చెప్పేది పైన ఉన్నదే. కింద ఉన్నది సెంట్రల్ బ్యాంకు ఏ రేటును ఒప్పుకుంటోందో మాత్రమే చెబుతుంది.

2024 జనవరి చివరి వారం దీనికి నాకు తెలిసిన అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ. జనవరి 26, శుక్రవారం బ్యాంకులు డాలర్లు కొని అమ్మే అఫీషియల్ విండోలో డాలర్ సుమారు 892 నైరా దగ్గర ముగిసింది. బయట మాత్రం 1,400 దాటి నడుస్తోంది. లెక్క కోసం 1,430 అనుకుందాం. ప్రీమియం దాదాపు 60 శాతం. సోమవారం, మంగళవారం కల్లా అఫీషియల్ రేటు ఒక్కసారిగా 1,480 దాటింది. రేటు లెక్కించే పద్ధతిని మార్చి, నిజంగా జరుగుతున్న లావాదేవీల ధరలు అందులో కనిపించేలా చేశారు. బయట అదే 1,430 ఉందనుకుంటే ప్రీమియం మైనస్ 3 శాతంలోకి వెళ్లిపోయింది. గ్రాఫ్ మాత్రమే చూసేవాళ్లకు రెండు రోజుల్లో భయమంతా ఎగిరిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ రెండు రోజుల్లో జనం మనసులో ఏమీ తేలికపడలేదు. అంతకుముందున్న 60 శాతంలో అత్యధిక భాగం భయం కాదు, ఎవరికీ దొరకని రేటును కాగితం మీద నిలబెట్టడం వల్ల వచ్చిన తేడా. ఫిబ్రవరి మూడో వారానికి బయట డాలర్ 1,800 దాటిందంటే అసలు భయం ఆ సర్దుబాటు తర్వాతే పెరిగిందన్నమాట.

అందుకే నేను యూఎస్‌డీటీని అఫీషియల్ రేటుతో పాటు అబోకీల రేటుతో కూడా పోల్చి చూసేవాణ్ణి. అక్కడ వీధిలో డాలర్ నోట్లు మార్చే హౌసా వ్యాపారుల్ని అబోకీలంటారు. అఫీషియల్‌కీ అబోకీకీ మధ్య ఉండే తేడా ప్రభుత్వ విధానం వల్ల వచ్చేది, అది నెలల పాటు అలాగే ఉండగలదు. అబోకీకీ యూఎస్‌డీటీకీ మధ్య ఉండే తేడా చిన్నది, కానీ చురుకైనది. మామూలు రోజుల్లో రెండూ దాదాపు కలిసే నడుస్తాయి. యూఎస్‌డీటీ ఒక్కటే ముందుకు దూసుకెళ్తే, బ్యాంకు ఖాతాలో నైరా ఉన్నవాళ్లు దాన్ని వెంటనే దేశం దాటించాలనుకుంటున్నారని నేను అర్థం చేసుకునేవాణ్ణి. నోట్ల డాలర్ కావాలంటే మనిషిని కలవాలి, నోట్లు సరిచూసుకోవాలి, వాటిని దాచుకోవాలి. యూఎస్‌డీటీకి ఫోన్ చాలు.

శని, ఆదివారాలు ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. అఫీషియల్ విండో శుక్రవారమే మూతపడుతుంది. కానీ నైజీరియా బ్యాంకుల మధ్య ఇన్‌స్టంట్ ట్రాన్స్‌ఫర్లు సెలవు రోజుల్లో కూడా నడుస్తాయి కాబట్టి యూఎస్‌డీటీ వ్యాపారం ఆగదు. వారాంతంలో ఏదైనా వార్త పడితే ముందు కదిలేది ఈ రేటే. ఆదివారం రాత్రి అది బాగా పైకి పోతే, సోమవారం మా కస్టమర్ "మిగతా డబ్బు కొంచెం ఆగి పంపుతాను" అంటాడని నాకు ముందే టెన్షన్ మొదలయ్యేది. పాపం, అతను చేయగలిగింది కూడా ఏమీ లేదు. అమ్మిన సరుకుకి నైరా చేతికొచ్చేలోపే కొత్త సరుకు ధర మారిపోయేది.

ఇక రేటు ఎక్కడి నుంచి తీసుకుంటున్నామన్నది జాగ్రత్తగా చూసుకోవాలి. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు నేరుగా బేరం కుదుర్చుకునే పీటూపీ పేజీలో అన్నిటికంటే పైన కనిపించే ఒక్క ప్రకటనను నమ్మొద్దు. అది చాలాసార్లు చిన్న మొత్తానికే పనికొస్తుంది, లేదా ఎరగా పెట్టినదై ఉంటుంది. ఒక మాదిరి పెద్ద మొత్తానికి, లావాదేవీలు చాలా పూర్తి చేసిన వ్యాపారులు పెట్టిన ప్రకటనలు ఓ పది తీసుకుని మధ్యలో ఉన్న రేటు చూడాలి. కొనే రేటు, అమ్మే రేటు రెండూ చూడాలి. రెండూ కలిసి పైకి పోతే అది నిజమైన గిరాకీ. వాటి మధ్య దూరం మాత్రమే పెరిగితే వ్యాపారులే జంకుతున్నారని అర్థం. యూఎస్‌డీటీ కూడా కచ్చితంగా ఒక డాలర్ దగ్గరే ఉందో లేదో సరిచూసుకోవాలి. 2023 మార్చిలో ఇలాంటిదే మరో డాలర్ నాణెం యూఎస్‌డీసీ 90 సెంట్ల కిందికి జారిన వారాంతంలో యూఎస్‌డీటీ డాలర్ కంటే కాస్త పైన నడిచింది. అలాంటి రోజు కనిపించే ఎక్కువతక్కువలకు నైజీరియాతో సంబంధమే లేదు.

2024 ఫిబ్రవరిలో ఈ థర్మామీటరే పనికిరాకుండా పోయింది. క్రిప్టో ఎక్స్‌చేంజ్ బైనాన్స్ తన పీటూపీలో నైరా రేటుకి పరిమితి పెట్టింది. స్క్రీన్ మీద రేటు కదలకుండా నిలబడింది, పేజీలో అమ్మేవాళ్లు మాయమయ్యారు. అంకె మాత్రమే రాసుకునేవాళ్లకు అది ప్రశాంతంగా కనిపించి ఉంటుంది. తర్వాత క్రిప్టో సైట్లను బ్లాక్ చేశారు, మార్చిలో బైనాన్స్ నైరా సేవలే ఆపేసింది. వ్యాపారం టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపులకు మళ్లింది. అందుకే రేటుతో పాటు ఆ రేటుకి ఎంత మొత్తం నిజంగా దొరుకుతోందో చూడాలంటాను. ఎవరూ అమ్మని రేటు రేటు కాదు.

భయం నిజంగా తగ్గితే ఎలా ఉంటుందో కూడా అదే ఏడాది కనిపించింది. సెంట్రల్ బ్యాంకు ఫిబ్రవరి 27న వడ్డీ రేటును ఒకేసారి 4 శాతం పాయింట్లు పెంచి 22.75 చేసింది, మార్చిలో 24.75కి తీసుకెళ్లింది. పేరుకుపోయిన డాలర్ బకాయిల్లో సరైనవన్నీ తీర్చేశామని ప్రకటించింది. ఏప్రిల్ మధ్యకి అఫీషియల్ డాలర్ 1,200 నైరా కిందికి దిగింది, బయటి రేటు కూడా దానితో పాటే దిగింది. రెండూ కలిసి దిగడమే నాకు నమ్మకం కలిగించిన గుర్తు. దాచుకున్న డాలర్లు జనం అమ్మడం మొదలుపెట్టారనడానికి దాన్నే గుర్తుగా తీసుకున్నాను. ఆ ఊపు నిలవలేదు, మే నెలలో మళ్లీ 1,500 వైపు నడిచింది.

ఇదే లెక్కను మన రూపాయికి యథాతథంగా వాడేవాళ్లకు ఒక మాట. 2022 జూలై నుంచి క్రిప్టో బదిలీల మీద 1 శాతం టీడీఎస్ ఉంది, దాని మీద లాభానికి 30 శాతం పన్ను ఉంది. అమ్మేవాడు ఆ భారాన్ని, ఖాతా ఫ్రీజ్ అవుతుందేమో అన్న రిస్కును కూడా రేటులో కలుపుకుంటాడు. కాబట్టి ఇక్కడ ఎప్పుడూ కనిపించే కొద్ది శాతం ప్రీమియంలో రూపాయి మీద భయాన్ని వెతకొద్దు. గత కొన్ని నెలల సగటు రాసుకుని, దాని నుంచి ఎంత తప్పిందో చూడండి. తప్పిన రోజున ముందు బ్యాంకు రేటు కదిలిందేమో చూసి, ఆ తర్వాతే యూఎస్‌డీటీ వైపు వెళ్లండి.